ఆ 12:18 ఎవరి గడియారంలోది?

ఒక పాల డెయిరీ కంప్యూటర్ విభాగంలో కుర్ర ఇంజనీరు ఒకడు. రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున సర్వర్ ఆగిపోయింది, ఫోన్ల మీద ఫోన్లు. ఎలాగో బండి మళ్లీ కదిలించాడు. ఉదయం 7:18కి, కళ్లు మండుతుండగా, ఊళ్లలోని 212 పాల కేంద్రాలకు ఈ మెయిల్ సిద్ధం చేశాడు:

> విషయం: సర్వర్ ప్రాబ్లం – అర్జెంట్
>
> అందరికీ నమస్కారం. పొద్దున్నుంచి సర్వర్ ప్రాబ్లం వస్తోంది. నిన్న రాత్రి బ్యాకప్ రన్ అవుతుంది, దానివల్ల 12:18కి డిస్కు ఫుల్ అయింది. ఇందాక సర్వీసు రీస్టార్ట్ చేస్తున్నాం కానీ ఎర్రర్ వస్తోంది. తర్వాత పాత లాగ్ ఫైళ్లు తీసేశాక ఎంట్రీలు సేవ్ అవుతాయి. ఆ టైంలో కొట్టిన ఎంట్రీలు సర్వర్‌కి రావు. మెషీన్లో ఉన్నవి వాటంతట అవే వస్తాయి. కొన్ని సెంటర్లవి రాలేదు, చూస్తున్నాం. కాసేపట్లో అంతా సెట్ అవుతుంది. సాయంత్రంలోపు మళ్లీ ఇలా రాకుండా చేశాం. అప్‌డేట్ ఇస్తాం.

డెయిరీ, ఇంజనీరు, మెయిల్ ఇక్కడ వివరించడం కోసం కూర్చినవే. తప్పులు మాత్రం కల్పించినవి కావు. సర్వర్లు పడిపోయిన ఏ రాత్రయినా ఇంజనీర్ల మెయిళ్లలో ఇవే కనిపిస్తాయి.

పైపైన చదివితే మెయిల్‌లో పెద్ద లోపం తెలియదు. భాష తేలిక, మర్యాదకు లోటు లేదు, కారణం కూడా చెప్పాడు. దీన్నే ఒక పాల కేంద్రం నడిపే మనిషి వైపు నుంచి చదవాలి. ఆమె ఐదున్నర నుంచి రైతుల పాలు కొలుస్తోంది. ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ ఎంతో మెషీన్ చెబుతుంది, స్లిప్పు ముద్రించి ఇస్తుంది, లెక్కను సర్వర్‌కు పంపుతుంది. పదిహేను రోజులకోసారి రైతుల బిల్లు ఆ లెక్కల మీదే తయారవుతుంది. ఈ మెయిల్‌లో ఆమెకు కావలసిన సంగతి ఒక్కటే: పొద్దున కొట్టిన ఎంట్రీలు మళ్లీ కొట్టాలా, వద్దా?

“ఆ టైంలో కొట్టిన ఎంట్రీలు సర్వర్‌కి రావు” అన్న వాక్యం దగ్గర ఆమె ఆగుతుంది. రావు అంటే ఇక ఎప్పటికీ రావనేగా? అయితే మళ్లీ కొట్టాలి. మరుసటి వాక్యంలో “వాటంతట అవే వస్తాయి” అని ఉంది. అయితే కొట్టక్కర్లేదు. రెంటిలో ఏది నమ్మాలో తేలక, పోతే రైతు డబ్బే కదా పోయేది అని భయపడి, ఆమె మళ్లీ కొట్టేస్తుంది. గంట తర్వాత మెషీన్ తన దగ్గరున్న పాత ఎంట్రీలనూ పంపుతుంది. ఒకే రైతు, ఒకే పూట, రెండుసార్లు పాలు పోసినట్టు లెక్క. నెల మధ్యలో బిల్లుల వేళ దాన్ని విడదీయడం సర్వర్‌ను బాగుచేసినదానికంటే ఎక్కువ పని.

ఇంజనీరు చెప్పదలుచుకున్నది వేరు. ఆ సమయంలో ఎంట్రీలు సర్వర్‌కు “రాలేదు”. ఇప్పుడు “వస్తున్నాయి”. జరిగిపోయిన దాన్ని జరగబోయేదిగా రాశాడు, అంతే. తొందరలో అలా రాయడానికి ఒక కారణం ఉంది. కాసేపటి క్రితం వరకు అతను తెర ముందు కూర్చుని, ఒక్కో ఎంట్రీ రాకపోవడాన్ని కళ్లారా చూస్తున్నాడు. రాసేటప్పుడు కూడా మనసు ఆ తెర ముందే ఉంది. గడిచిన గంటను వర్తమానంలో చెప్పుకుంటూ పోయాడు. పక్క సీటులో ఉన్నవాడికి నోటితో చెబుతున్నప్పుడు ఇది చక్కగా నడుస్తుంది. “రీస్టార్ట్ చేస్తున్నా, ఎర్రర్ వస్తోంది, మళ్లీ చేస్తున్నా, మళ్లీ వస్తోంది” అంటే వినేవాడికి సీను కళ్లకు కడుతుంది. మెయిల్ చదివేవాడికి మాత్రం ఎర్రర్ ఇంకా వస్తున్నట్టే.

తెలుగు క్రియల స్వభావం ఈ చిక్కును ఇంకాస్త పెంచుతుంది. “బ్యాకప్ రన్ అవుతుంది” అనే మాటనే చూడండి. రోజూ రాత్రి జరిగే అలవాటును అలా చెబుతాం. రేపు జరగబోయేదాన్నీ అలాగే చెబుతాం. మన వ్యాకరణకర్తలు ఇందులో మొదటిదానికి తద్ధర్మార్థకమని వేరే పేరు పెట్టారు గానీ, నేటి వాడుకలో రెండింటికీ క్రియారూపం ఒకటే. “సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు”, “మావయ్య రేపు వస్తాడు” అన్నప్పుడు అర్థం సందర్భం నుంచే తెలుస్తుంది. “నిన్న రాత్రి బ్యాకప్ రన్ అవుతుంది” అన్నప్పుడు సందర్భం కూడా సాయపడదు. రోజూ రాత్రి నడిచేదే నిన్నా నడిచిందా? లేక నిన్న రాత్రి కొత్తగా ఎవరైనా నడిపారా? మొదటిదైతే ఈ రాత్రి కూడా డిస్కు నిండే ప్రమాదం ఉంది. రెండోదైతే లేదు. పై అధికారి వెంటనే అడగాల్సిన ప్రశ్న ఆ ఒక్క క్రియలో దాక్కుంది.

అదృష్టం ఏమిటంటే మెయిల్ ఇంకా వెళ్లలేదు. పంపే ముందు సీనియర్‌కు చూపించాలని ఆఫీసులో నియమం. ఆమె ఇంట్లో ఫోన్‌లోనే చదివి, మొదట అడిగిన ప్రశ్న భాష గురించి కాదు.

“డిస్కు 12:18కి నిండిందన్నావు. మరి ఐదున్నరకు కొట్టిన ఎంట్రీలు సర్వర్‌లో ఎలా ఉన్నాయి? నాకిక్కడ రిపోర్టులో కనిపిస్తున్నాయే.”

“లాగ్‌లో అదే టైం ఉంది మేడం. చూసే రాశాను.”

“ఆ లైను ఉన్నదున్నట్టు పంపు.”

పంపాడు:

```
2025-06-17T00:18:04Z ERROR write failed: No space left on device
```

చివర్లో ఉన్న ఆ ఒక్క అక్షరం `Z` లోనే సంగతంతా ఉంది. ఆ సమయం భారత కాలమానంలోది కాదని, యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోదని దాని అర్థం. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని దేశమంతటికీ ప్రమాణంగా తీసుకోవడం వల్ల వచ్చిన తేడా అది. కాకినాడ చేరువలో మన తీరాన్ని దాటే గీత అదే. కాబట్టి లాగ్‌లోని 00:18 అంటే మనకు ఉదయం 5:48. లెక్కలో పొరపాటు రాకుండా కంప్యూటర్‌నే అడగవచ్చు:

```
$ TZ=Asia/Kolkata date -d '2025-06-17T00:18:04Z' '+%F %T %Z'
2025-06-17 05:48:04 IST
```

అతను ఎందుకు పొరబడ్డాడో కూడా చూడాలి, అందులో నిర్లక్ష్యం కంటే ఉచ్చే ఎక్కువ. ఆ సర్వర్‌లో రెండు గడియారాలు నడుస్తున్నాయి. బ్యాకప్‌ను రోజూ నిద్రలేపే క్రాన్ అనే కార్యక్రమం భారత సమయం ప్రకారం రాత్రి 12:15కి మొదలవుతుంది. ఎంట్రీలు రాసే అప్లికేషన్ మాత్రం తన లాగ్‌ను యూటీసీలో రాస్తుంది. ఒకటి 12:15, ఇంకొకటి 00:18. రెంటినీ పక్కపక్కన పెడితే, బ్యాకప్ మొదలైన మూడు నిమిషాలకే డిస్కు నిండినట్టు చక్కటి కథ తయారవుతుంది. కారణం, ఫలితం ఇంత బాగా కుదిరాక అనుమానం ఎవరికొస్తుంది? నిజానికి బ్యాకప్ 12:52కి ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది. డిస్కులో చాలా కొద్ది చోటు మిగిల్చింది. ఉదయం ఐదున్నరకు కేంద్రాలన్నీ ఒక్కసారిగా ఎంట్రీలు పంపడం మొదలుపెట్టాక, లాగ్ ఫైళ్లు పెరిగి, పద్దెనిమిది నిమిషాల్లో ఆ మిగిలిన చోటు కూడా అయిపోయింది.

ఈ ఒక్క అంకె సవరించకపోతే ఏమయ్యేదంటే, అంతరాయం 67 నిమిషాలది కాక ఆరున్నర గంటలదిగా రికార్డులకు ఎక్కేది. అర్ధరాత్రి నుంచి ఎంట్రీలు పోయాయని, ఐదున్నరకే మొదటి రైతు పాలు కొలిచిన కేంద్రాలు కూడా కంగారు పడేవి. తర్వాత విచారణ జరిగితే, అర్ధరాత్రి నుంచి ఎవరూ పట్టించుకోలేదన్న మాట ఆ కుర్రాడి మీదే పడేది.

సర్వర్ సమయాలను సరిచూసేందుకు ఆమె వాడిన పద్ధతి పాతదే, గట్టిదే. లాగ్ చెప్పే సమయాన్ని ఒంటరిగా నమ్మకుండా, మనుషుల పనితో ముడిపడిన ఇంకో గుర్తును పక్కన పెట్టి చూడటం. సర్వర్‌లో చివరగా సేవ్ అయిన పాల స్లిప్పు ఏ సమయానిది? 5:47. మళ్లీ మొదట సేవ్ అయినది? 6:55. ఈ రెండూ భారత సమయంలో, రైతు చేతిలోని కాగితం మీద కూడా ఉన్నవి. వాటితో లాగ్ పొసగకపోతే ఆ లాగ్ గడియారాన్నే అనుమానించాలి.

ఇక “నిన్న రాత్రి”. మెయిల్ మంగళవారం రాశాడు. బ్యాకప్ నడిచిన 12:15 క్యాలెండర్ ప్రకారం మంగళవారమే, జూన్ 17. మనకేమో పంచాంగం అలవాటు. వారం సూర్యోదయంతో మారుతుంది. అర్ధరాత్రి దాటినా తెల్లారేదాకా సోమవారం రాత్రే. అందుకే అతను “నిన్న రాత్రి” అన్నాడు, తెలుగువాడిగా అది సహజమే. సర్వర్‌కు మాత్రం అది “ఈరోజు”. ఆ మాట పట్టుకుని ఎవరైనా జూన్ 16 తేదీ లాగ్ తెరిచి 12:15 దగ్గర వెతికితే, సరిగ్గా ఒక రోజు ముందటి బ్యాకప్ కనిపిస్తుంది, అదేమో బాగానే నడిచి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక బయలుదేరే రైలుకు ముందురోజు తేదీతో టికెట్టు తీసుకుని స్టేషన్‌లో నాలుక్కరుచుకున్నవాళ్లకు ఈ బాధ తెలుసు. విరుగుడు సులువు: అర్ధరాత్రికి అటూ ఇటూ ఉన్న సమయాన్ని వారంతో కాక తేదీతో, 24 గంటల లెక్కలో రాయాలి. “జూన్ 17, 00:15 (సోమవారం అర్ధరాత్రి దాటాక)” అంటే పంచాంగం చూసేవాడికీ సరిపోతుంది, లాగ్ చూసేవాడికీ సరిపోతుంది.

ఊళ్ల మధ్యే ఇంత గందరగోళం ఉంటే దేశాల మధ్య ఇంకెంత? 2024 జూలైలో క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు. ఆ అప్‌డేట్ బయటికి వెళ్లిన క్షణం జూలై 19, 04:09 యూటీసీ. హైదరాబాద్‌లో అది శుక్రవారం ఉదయం 9:39. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న టెక్సాస్‌లో ఇంకా గురువారం రాత్రి 11:09. మాదాపూర్‌లోని ఇంజనీరు “ఈ ఉదయం మొదలైంది” అని రాస్తే, ఆస్టిన్‌లోని ఇంజనీరు “నిన్న రాత్రి మొదలైంది” అని రాస్తే, ఇద్దరూ చెప్పింది ఒకే నిమిషం గురించి. రెండు మెయిళ్లూ సింగపూర్‌లో కూర్చున్నవాడికి చేరితే, రెండు వేర్వేరు ఘటనలు జరిగాయనుకోవడంలో అతని తప్పేమీ లేదు. సంస్థ తన వివరణలో సమయాలన్నీ యూటీసీలో ఇవ్వడానికి కారణం ఇదే.

అదే ఘటనలో క్రియ గురించి కూడా చూడవలసింది ఒకటుంది. 05:27 యూటీసీకి, అంటే 78 నిమిషాల తర్వాత, సంస్థ ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. “సరిచేశాం” అన్న భూతకాలం అక్కడికి నిజమే. కానీ అప్పటికే దాన్ని దించుకుని ఆగిపోయిన యంత్రాలు వాటంతట అవి లేవలేదు. చాలా చోట్ల మనిషి వెళ్లి, కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తొలగించాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. ఆ కౌంటర్‌లో ఉన్న ఉద్యోగికి “సరిచేశాం” అన్న వార్త వినిపిస్తే ఏమనిపించి ఉంటుంది? భూతకాలం వాడేటప్పుడు దేనికి కర్త ఎవరో కూడా చెప్పాలన్నది ఇక్కడి సంగతి. అప్‌డేట్‌ను ఆపేశాం, ఆగిపోయిన యంత్రాలు ఇంకా కోలుకోలేదు. ఇవి రెండు వాక్యాలు, రెండు కాలాలు. ఒక్క క్రియలో ఇముడ్చుకుంటే రెండూ చెడతాయి.

మన డెయిరీ మెయిల్‌లోనూ ఇదే జరిగింది. “తీసేశాక ఎంట్రీలు సేవ్ అవుతాయి” అన్నాడు. కొత్త ఎంట్రీల సంగతి అయితే 6:55 నుంచే సేవ్ అవుతున్నాయి. పాతవి ఒక్కొక్కటిగా వస్తున్నాయి, కొన్ని కేంద్రాలవి ఇంకా రాలేదు. మూడు స్థితులు ఒకే వాక్యంలో కలిసిపోయాయి.

వర్తమానకాల వాక్యానికి ఇంకో జబ్బు ఉంది, అది నిలవుంటే పాడవుతుంది. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 సేవ అమెరికా తూర్పు ప్రాంతంలో ఆగిపోయింది. పసిఫిక్ సమయం ఉదయం 9:37కి ఒక ఉద్యోగి ఇచ్చిన ఆదేశంలో ఒక వివరం తప్పుగా పడి, అనుకున్నదానికంటే ఎక్కువ సర్వర్లు తొలగిపోవడం కారణం. సేవల ఆరోగ్యాన్ని చూపించే అమెజాన్ బోర్డును నడిపే వ్యవస్థ కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. దాంతో 11:37 దాకా ఒక్కో సేవ స్థితిని మార్చడానికి వాళ్లకే వీలు కాలేదు. ట్విట్టర్‌లోనూ, బోర్డు పైనున్న పట్టీలోనూ కబురు చెప్పుకోవాల్సి వచ్చింది. అంటే రెండు గంటల పాటు ఆ బోర్డు మీద పాత వర్తమానమే నిలిచి ఉంది. ఒకప్పుడు నిజమైనదే అది, కాకపోతే కాలం దాటిపోయింది. ఎప్పటి మాటో చెప్పే సమయం పక్కన లేని “పనిచేస్తోంది” అనే ప్రతి వాక్యం గతి ఇంతే. మెయిల్‌ను కొందరు ఏడున్నరకు చూస్తారు. పాలు పూర్తిగా పోయించుకుని, క్యాన్లు కడిగి, పదిన్నరకు ఫోన్ పట్టుకునేవాళ్లూ ఉంటారు. ఆ మనిషికి “ఇందాక”, “కాసేపట్లో”, “ఇంకా” అన్న మాటలు ఏ గంట నుంచి లెక్కపెట్టుకోవాలి?

అందుకే సీనియర్ తర్వాత అడిగిన ప్రశ్నలన్నీ ఒకే తీరువి. పొద్దున్నుంచి అంటే ఎన్నింటి నుంచి? రీస్టార్ట్ చేశావా, చేస్తున్నావా? ఎన్నింటికి? కొన్ని సెంటర్లంటే ఎన్ని? చివరిదానికి అతను తడబడ్డాడు.

“మళ్లీ రాకుండా చేశాం అన్నావు. చేశారా?”

“లేదు మేడం, చేయాలి. బ్యాకప్ వేరే డిస్కుకు మార్చాలి. సాయంత్రం పాలు మొదలయ్యేలోపు చేసేస్తాను.”

వాక్యాలు దిద్దేవాడు కేవలం భాష చూసి ఈ తప్పును దిద్దలేడు. “సాయంత్రంలోపు ... చేశాం” అన్నదాన్ని “సాయంత్రంలోపు చేస్తాం” అనైనా మార్చవచ్చు, “ఉదయమే చేశాం” అనైనా మార్చవచ్చు. రెండూ చక్కటి తెలుగే. ఏది నిజమో చేసినవాడికి తప్ప తెలియదు. వ్యాకరణం బాగుపడి వాస్తవం చెడిపోవడం ఇలాంటి మెయిళ్లలో పెద్ద అపాయం, ఎందుకంటే అప్పుడు తప్పు చూడ్డానికి తప్పులా కూడా ఉండదు. కాలం తడబడిన ప్రతిచోటా రాసినవాణ్ని అడిగి తీరాలి. అడగడానికి సమయం లేకపోతే ఆ వాక్యాన్ని తీసేయడం మేలు.

“రాలేదు” అన్న మాట దగ్గర కూడా ఆమె ఆగింది. వానలు నిరుడు రాలేదు అంటాం, అది ముగిసిపోయిన సంగతి. బస్సు రాలేదు అంటాం, అంటే ఇంకా ఎదురుచూస్తున్నామని. “కొన్ని సెంటర్లవి రాలేదు” అన్నది ఈ రెంటిలో ఏది? ఇక రావా, రావాల్సి ఉన్నాయా? ఆమె “రావాల్సి ఉన్నాయి” అని రాయించింది.

ఈ సంభాషణకు పన్నెండు నిమిషాలు పట్టింది. ఈలోగా వర్తమానం కూడా కదిలింది. 7:18కి అరవై కేంద్రాలవి రావాల్సి ఉండగా, 7:30కి మళ్లీ లెక్కపెడితే నలభై ఒకటి మిగిలాయి. పాత అంకెను అలాగే ఉంచి పంపితే, దిద్దిన మెయిల్ కూడా పుట్టుకతోనే పాతబడేది. 7:32కి బయల్దేరిన మెయిల్ ఇది:

> విషయం: పాల ఎంట్రీల సర్వర్ – జూన్ 17, మంగళవారం – 1వ సమాచారం (ఉదయం 7:30 నాటి స్థితి)
>
> సమయాలన్నీ భారత కాలమానం ప్రకారం.
>
> ఉదయం 5:48 నుంచి 6:55 వరకు మీరు కొట్టిన ఎంట్రీలను దయచేసి మళ్లీ కొట్టకండి. అవి మీ మెషీన్‌లో భద్రంగా ఉన్నాయి. మెషీన్ ఆన్‌లో ఉండి, నెట్ ఉంటే వాటంతట అవే సర్వర్‌కు చేరతాయి. 7:30కి 212 కేంద్రాలలో 171 కేంద్రాలవి చేరాయి. 41 కేంద్రాలవి చేరాల్సి ఉన్నాయి.
>
> 6:55 నుంచి సర్వర్ పనిచేస్తోంది. కొత్త ఎంట్రీలు ఎప్పటిలాగే సేవ్ అవుతున్నాయి.
>
> జరిగింది ఇది: రోజూ నడిచే బ్యాకప్ జూన్ 17న 00:15కి (సోమవారం అర్ధరాత్రి దాటాక) మొదలై 00:52కి ముగిసింది. ఆ తర్వాత డిస్కులో చాలా తక్కువ చోటు మిగిలింది. ఉదయం 5:48కి అది కూడా నిండిపోయి, ఎంట్రీలు సేవ్ కావడం ఆగిపోయింది. 6:10కి ఒక కేంద్రం నుంచి వచ్చిన ఫోన్‌తో మాకు తెలిసింది. 6:35కి సర్వీసును రీస్టార్ట్ చేశాం, ఫలితం లేకపోయింది. 6:55కి పాత లాగ్ ఫైళ్లను తొలగించాం, ఎంట్రీలు సేవ్ కావడం మళ్లీ మొదలైంది.
>
> ఇంకా చేయాల్సింది: బ్యాకప్‌ను వేరే డిస్కుకు మార్చాలి. ఇది ఇంకా జరగలేదు. ఈరోజు (జూన్ 17) సాయంత్రం 4:00 లోపు పూర్తి చేస్తాం.
>
> తర్వాతి సమాచారం ఉదయం 8:30కి పంపుతాం, అప్పటికి కొత్త విషయం లేకపోయినా.

ఇందులో భూతకాలం ఒక పేరాలో, వర్తమానం ఒక పేరాలో, భవిష్యత్తు ఒక పేరాలో సర్దుకున్నాయి. అలా విడిగా పెట్టడం అందం కోసం కాదు. రాసేవాడు తొందరలో ఉన్నప్పుడు ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి కాలం జారిపోతుంది; పేరాకు ఒకే కాలం అని ముందే గీత గీసుకుంటే జారిన క్రియ వెంటనే కంటికి తగులుతుంది. కేంద్రాలు చేయాల్సిన పని కథ చివరి నుంచి మొదటికి వచ్చింది. “కాసేపట్లో అంతా సెట్ అవుతుంది” అన్నది మాయమైంది. యంత్రం ఎప్పుడు బాగవుతుందో ఇంజనీరు చేతిలో లేదు. మళ్లీ ఎప్పుడు కబురు పంపుతాడో అతని చేతిలోనే ఉంది. కాబట్టి రెండోదానికే గడువు పెట్టాడు.

మొదటి మెయిల్‌లో లేనిది ఒకటి కొత్తగా చేరింది: “6:10కి మాకు తెలిసింది.” ఘటన మొదలైన సమయం, గమనించిన సమయం వేర్వేరని ఒప్పుకోవడం ఇంజనీర్లకు కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఇరవై రెండు నిమిషాల పాటు తమకు తెలియలేదని బయటపడుతుంది మరి. అయినా రాయాలి. కేంద్ర ప్రభుత్వానికి చెందిన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో, పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలని ఉంది. గడియారం మొదలయ్యేది ఘటన జరిగినప్పటి నుంచి కాదు, తెలిసినప్పటి నుంచి. సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను జాతీయ సమయ సర్వర్లతో సరిపోల్చుకోవాలని కూడా అందులోనే చెప్పారు. డిస్కు నిండటం దాని కిందికి రాదు. రేపు హ్యాకింగ్ జరిగితే మాత్రం వస్తుంది, అప్పుడు “పొద్దున్నుంచి ప్రాబ్లం వస్తోంది” అన్న వాక్యంతో ఆరు గంటలు లెక్కకట్టడం ఎవరివల్లా కాదు.

“ఐఎస్‌టీ” అని పొట్టిపేరు రాసి ఊరుకుంటే చాలదా అనేవాళ్లుంటారు. మన ఊళ్ల వరకే అయితే చాలు. ఐర్లండ్, ఇజ్రాయెల్ వాళ్లు కూడా తమ సమయాన్ని అవే మూడక్షరాలతో రాసుకుంటారు. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారాలు గంట అటూ ఇటూ జరుగుతాయి. మార్చి రెండో ఆదివారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. జూలై మెయిల్‌లో పీఎస్‌టీ అని రాసినవాడి మనసులో ఉన్నది చాలాసార్లు పీడీటీ. గంట తేడా. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బృందంతో పనిచేసే మన ఇంజనీర్లు `05:48 +05:30` అని తేడాను అంకెల్లోనే రాయడం అలవాటు చేసుకుంటే పొట్టిపేర్ల గొడవే ఉండదు.

మొదటి మెయిల్ సీనియర్ చూడకముందే వెళ్లిపోయి ఉంటే? అలాగే జరుగుతుంది చాలాసార్లు. అప్పుడు సరైన సమయాలతో ఇంకో మెయిల్ పంపి ఊరుకుంటే, కేంద్రాల దగ్గర ఒకదానితో ఒకటి పొసగని రెండు మెయిళ్లు మిగులుతాయి. ఏది తర్వాతదో ఇన్‌బాక్స్ చెబుతుంది గానీ, ఏ మాట మారిందో చెప్పదు. మారినదాన్ని పేరుపెట్టి చెప్పాలి, ఆ మెయిల్ కూడా చిన్నదే:

> విషయం: దిద్దుబాటు – ఉదయం 7:18 మెయిల్‌కు
>
> 7:18 మెయిల్‌లో డిస్కు “12:18కి” నిండిందని రాశాం. అది తప్పు. సరైన సమయం జూన్ 17, ఉదయం 5:48. ఎంట్రీలు “రావు” అని రాశాం. అదీ తప్పు. అవి మీ మెషీన్ల నుంచి వస్తున్నాయి. ఇప్పటికే ఎవరైనా మళ్లీ కొట్టి ఉంటే వాటిని మీరు తొలగించకండి. మీ కేంద్రం నంబరు, ఎన్ని ఎంట్రీలు కొట్టారో ఈ మెయిల్‌కు జవాబుగా పంపండి, రెండోసారి పడినవాటిని మేమే తీసేస్తాం.